ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని నాణెం

2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ కంప్యూటర్లను హ్యాకర్లు స్తంభింపజేసి 75 బిట్‌కాయిన్లు గుంజారు. జూన్ మొదటి వారంలోనే ఎఫ్‌బీఐ అందులో 63.7 బిట్‌కాయిన్లను వెనక్కి రాబట్టింది. బిట్‌కాయిన్ గుట్టుగా నడిచే డబ్బని నమ్మేవాళ్లకు ఇది ఆశ్చర్యమే. అందులో పేర్లు ఉండవు, నిజమే. కానీ ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకు ఎంత వెళ్లిందో ఎవరైనా చూడొచ్చు. ఆ అడ్రసుల్లో ఒకటి కేవైసీ తీసుకునే ఎక్స్ఛేంజీ దగ్గరికి చేరిందంటే పేరూ దొరుకుతుంది. ప్రభుత్వాలు బిట్‌కాయిన్‌తో సర్దుకుపోవడానికి పెద్ద కారణం ఇదే.

2016 అక్టోబరులో మొదలైన జీక్యాష్ ఈ వీలు లేకుండా చేసింది. దాని ఆయుధం జీరో నాలెడ్జ్ ప్రూఫ్. ఒక సంగతి నిజమని, ఆ సంగతి తప్ప ఇంకేమీ బయటపెట్టకుండా రుజువు చేసే గణితం అది. గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ అనే ముగ్గురు 1985లో దీన్ని ప్రతిపాదించారు.

ఒక చెల్లింపు చూద్దాం. లక్ష్మి దగ్గర 5 జీక్యాష్ ఉంది, రఘుకు 3 పంపాలి. ఆ 5 ఆమెకు వచ్చినప్పుడే లెడ్జర్‌లో ఒక ముద్ర పడింది. అది పొడవాటి సంఖ్య. దాన్ని చూసి ఎవరిదో, ఎంతో చెప్పలేం. ఇప్పుడు ఖర్చు పెట్టేటప్పుడు ‘ఫలానా ముద్ర నాది’ అని ఆమె చూపించదు. లెడ్జర్‌లో ఉన్న ముద్రల్లో ఏదో ఒకటి తనదేనని, దాని తాళంచెవి తన దగ్గర ఉందని, రఘుకు వెళ్లే 3, తనకు తిరిగొచ్చే చిల్లర, రుసుము కలిపితే సరిగ్గా 5 అవుతుందని ఒక ప్రూఫ్ ఇస్తుంది. ఏ ముద్రో, ఎంత మొత్తమో బయటికి రాదు. మరి అదే 5ను ఆమె రెండోసారి ఖర్చు పెడితే? ప్రతి ముద్రకూ ఖర్చయినప్పుడు మాత్రమే బయటపడే రద్దు సంఖ్య ఒకటే ఉంటుంది. అది మళ్లీ కనిపిస్తే నెట్‌వర్క్ ఆ చెల్లింపును తిప్పికొడుతుంది. రద్దు సంఖ్యను బట్టి అది ఏ ముద్రదో మాత్రం పట్టుకోలేం.

ఇప్పుడు రఘు ఆ 3 జీక్యాష్‌ను ఎక్స్ఛేంజీలో అమ్మాలనుకున్నాడు. ఎక్స్ఛేంజీకి రఘు పేరు తెలుసు. దాచిన ఖాతాల వైపు నుంచి 3 జీక్యాష్ వచ్చిందనీ తెలుసు. దాని వెనక ఏముందో మాత్రం తెలియదు. బిట్‌కాయిన్ అయితే వచ్చిన అడ్రసును విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, దొంగ సొమ్ము తగిలిందేమో చూసుకునేది. మనీలాండరింగ్ చట్టాల కింద సొమ్ము మూలం కనుక్కోవడం ఎక్స్ఛేంజీ బాధ్యత. మన దేశంలోనూ 2023 మార్చి నుంచి క్రిప్టో సంస్థలు ఆ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఇక్కడ ఆ బాధ్యత నెరవేర్చే పనిముట్టే లేదు.

అందుకే దుబాయ్ 2023లో ఇలాంటి నాణేల సేవలను నిషేధించింది. 2024లో యూరప్ చేసిన చట్టం 2027 జులై 10 నుంచి బ్యాంకులు, క్రిప్టో సంస్థలు వీటి ఖాతాలు నడపకుండా ఆపుతుంది. గమనించాల్సింది, ఆ నిషేధం సంస్థలకే. ప్రూఫ్ అనే గణితానికి కాదు, సొంత వాలెట్‌లో నాణెం ఉంచుకున్న మనిషికీ కాదు. ఇథీరియం మీద చాలా సంస్థలు వేల లావాదేవీలను ఒక్క చిన్న ప్రూఫ్‌గా కుదించడానికి ఇదే గణితం వాడుతున్నాయి. అక్కడ దాచిపెట్టేదేమీ లేదు కాబట్టి పేచీ లేదు.

గుట్టుకు మరో ఖరీదు కూడా ఉంది. 2018 మార్చిలో ఏరియల్ గబిజాన్ అనే గూఢలిపి నిపుణుడు జీక్యాష్ ప్రూఫ్ పద్ధతిలో ఒక లోపం పట్టుకున్నాడు. అది తెలిసినవాడు దొంగ నాణేలు ఎన్నైనా పుట్టించగలడు. అక్టోబరులో దాన్ని సరిచేసి, 2019 ఫిబ్రవరిలో బయటికి చెప్పారు. ఎవరైనా వాడుకున్నారా? మొత్తాలే కనిపించని చోట నాణేలు లెక్కపెట్టి చెప్పలేం. దాచిన వైపుకు వెళ్లినదానికన్నా ఎక్కువ బయటికి రావడం లేదని మాత్రమే చూడగలరు. అలా ఎక్కువ వచ్చిన ఆనవాలు దొరకలేదు.

జీక్యాష్‌వాళ్లు నియంత్రణ సంస్థలకు చూపేది వ్యూయింగ్ కీ. దాన్ని ఆడిటరుకు ఇస్తే మన లావాదేవీలు చదవగలడు, ఖర్చు పెట్టలేడు. నా ఉద్దేశంలో ఇది గట్టి పరిష్కారమే. లెక్క చూపడానికి సిద్ధపడినవాణ్ని దాచేవాడితో ఒకే గాటన కట్టడం అన్యాయం. కానీ దాని హద్దు కూడా ఒప్పుకోవాలి. రఘు ఇచ్చిన కీ అతనికి ఎంత వచ్చిందో చూపుతుంది. ఆ సొమ్ము లక్ష్మికి ఎలా వచ్చిందో తెలియాలంటే లక్ష్మి కీ కావాలి, అంతకుముందుది తెలియాలంటే ఇంకొకరిది. బిట్‌కాయిన్‌లో ఎవర్నీ అడగకుండా వెనక్కి నడిచిన పోలీసు, ఇక్కడ ప్రతి మెట్టు దగ్గరా ఒకరి అనుమతి కోసం ఆగాలి.