ఆరు వరసల కింద జారిన కుట్టు

స్వెట్టర్ వెనక భాగం సగానికి వచ్చింది. వరస చివర లెక్కపెడితే సూది మీద 80 కుట్లు ఉండాల్సింది, 79 తేలాయి. అల్లికను వెలుతురుకు ఎత్తి చూస్తే ఆరు వరసల కింద ఒక లూపు ఒంటరిగా కనిపిస్తుంది. దాని పైనుంచి సూది దాకా ఊలు పోగులు అడ్డంగా, నిచ్చెన మెట్లలా వేలాడుతుంటాయి. చాలామంది ఇక్కడే సూది లాగేసి మొత్తం విప్పుతారు. ఒక్క నిలువు బారు పోయినందుకు దాదాపు 480 కుట్లు మళ్లీ అల్లుకోవడమన్నమాట. అంత అవసరం లేదు.

ఒకవైపు ప్లెయిన్, తిప్పి పర్ల్ వేస్తూ పోయే స్టాకినెట్ అల్లికలో ప్రతి కుట్టూ తన కింది కుట్టులోంచి పైకి లాగిన లూపే. అందుకే సూది నుంచి జారిన కుట్టు తన బారులోనే కిందికి దిగుతుంది, పక్క బార్ల జోలికి పోదు. విడిపోయిన ప్రతి వరసా ఒక మెట్టుగా మిగులుతుంది. ఆరు మెట్లుంటే ఆరు వరసలు జారిందని లెక్క. ఆ ఊలంతా అక్కడే ఉంది, దాన్ని మళ్లీ లూపులుగా లాగాలి, అంతే.

ముందుగా ఆ లూపుకు పిన్నీసు గుచ్చండి. ఊలు కొంచెం పట్టి ఉంటుంది గానీ, నూలు, అక్రిలిక్ దారాలు నున్నగా ఉండి ఇట్టే జారిపోతాయి. తర్వాత ప్లెయిన్ వైపు నుంచి, జారిన బారు దాకా అల్లుకుంటూ వచ్చి ఆగండి. అప్పుడు నిచ్చెన రెండు సూదుల మధ్యకు వస్తుంది, చెయ్యి ఆడించడానికి చోటు దొరుకుతుంది. 4 మిల్లీమీటర్ల సూదులతో అల్లుతుంటే 3 లేదా 3.5 మిల్లీమీటర్ల క్రోషియా సూది సరిపోతుంది.

అల్లిక ప్లెయిన్ వైపు మీకు ఎదురుగా ఉండాలి. క్రోషియా సూదిని లూపులోకి ముందు నుంచి వెనక్కి దూర్చండి. లూపుకు వెనక, అన్నిటికన్నా కింద ఉన్న మెట్టును కొక్కెంతో పట్టి లూపులోంచి ముందుకు లాగండి. ఒక కొత్త కుట్టు పడింది. ఇప్పుడు కొక్కెం మీద ఉన్నదే కొత్త లూపు. దానికి పైనున్న మెట్టును అలాగే లాగండి. ఇలా ఆరుసార్లు చేశాక చివరి లూపును ఎడమ సూదికి ఎక్కించాలి. దాని కుడి కాలు సూదికి ముందు ఉండాలి. ఎడమ కాలు ముందుకు వస్తే, అల్లాక ఆ కుట్టు మెలిపడి పక్కవాటికన్నా ఇరుకుగా కనిపిస్తుంది.

తప్పు జరిగేది ఎక్కువగా మెట్ల వరస దగ్గరే. పోగులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే కిందిది వదిలి పైది పట్టేస్తాం. అందుకే మొదలుపెట్టే ముందు అల్లికను నిలువుగా కాస్త సాగదీసి మెట్లను విడదీసుకోవాలి. పని అయ్యాక వెనక్కి తిప్పి చూడండి. ఎక్కడైనా ఒక పోగు కుట్టులో చేరకుండా అడ్డంగా వదులుగా ఉంటే, ఆ మెట్టు తప్పిందన్నమాట. పై లూపును వదిలి అక్కడిదాకా జారనిచ్చి మళ్లీ లాగితే సరి. బారు కాస్త వదులుగా కనిపిస్తే సూది మొనతో పక్క కుట్లలోకి కొంచెం కొంచెంగా ఊలు సర్దండి. మిగిలిన తేడాను తొలి ఉతుకు చాలావరకు సరిచేస్తుంది.

ఇదంతా కుట్టు సూది నుంచి జారి కిందికి దిగినప్పటి మాట. కుట్టు ఎప్పుడో జారితే, గమనించకుండా 79 కుట్లతోనే పైకి అల్లుకుంటూ పోతే సంగతి వేరు. అప్పుడు నిచ్చెన తెరుచుకుని ఉండదు. కింద ఒక లూపు, పక్కన చిన్న కన్నం, ఆపైన అల్లిక మూసుకుపోయి ఉంటుంది. పక్క కుట్ల మధ్యనున్న పొట్టి పోగులనే మెట్లుగా వాడొచ్చు గానీ, కావలసిన ఊలు ఆ పక్క కుట్ల నుంచే రావాలి. రెండు మూడు వరసలైతే సాగే ఊలులో సర్దుకుంటుంది. ఆరు వరసలైతే బారు బిగిసి బట్ట ముడతపడుతుంది. అలాంటప్పుడు ఆ లూపును వెనకవైపు అదే ఊలు ముక్కతో కట్టేసి, పైవరసలో ఒక కుట్టు పెంచి లెక్క సరిచెయ్యడం నయం. ముడత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆ ముడి మాత్రం వెనకనే దాగి ఉంటుంది.

జారకపోయినా జార్చడం కూడా ఒక పనే. నాలుగు వరసల కింద ప్లెయిన్ వెయ్యాల్సిన చోట పర్ల్ పడి బొడిపె కనిపిస్తే, సరిగ్గా దాని పైనున్న కుట్టును సూది నుంచి దించి, ఆ బొడిపె కూడా విడిపోయేదాకా జార్చి, క్రోషియా సూదితో తిరిగి ఎక్కించుకోవచ్చు. కాకపోతే ఇది సాదా స్టాకినెట్‌కే. జాలీ డిజైన్లలో రెండు కుట్లు కలిపేసిన చోటుంటే, జార్చిన బారు అక్కడికి చేరగానే పక్క బారు కూడా విడిపోతుంది.