వెలిసిన సోఫాకి కుషను రంగు కలపడం

చీర మీదికి జాకెట్టు ముక్క కొనేటప్పుడు మ్యాచింగ్ సెంటర్లో మన ఆడవాళ్లు ఒక పని చేస్తారు. చీరనీ ముక్కనీ పట్టుకుని గుమ్మం బయటికొచ్చి, పగటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రంగు కలపడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు. సోఫాని అలా మోసుకెళ్లలేం కాబట్టి ఫోన్లో ఫొటో తీసుకెళ్లి, దాని పక్కన గుడ్డ పెట్టి చూసి కొంటాం. దుకాణంలో చక్కగా కలిసిన రంగు ఇంటికొచ్చేసరికి ఇటుక రంగులోకో, వంకాయ రంగులోకో మారినట్టుంటుంది.

తప్పు గుడ్డది కాదు, ఫొటోది. ఫోను తీసే ప్రతి ఫొటోలోనూ ఆ గది వెలుతురు ఏ రంగులో ఉందో తానే అంచనా వేసి, ఆ మేరకు రంగులు సర్దేస్తుంది. దీన్నే ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారు. ఆ అంచనాకి ఆధారం ఎదురుగా కనిపించే రంగులే. ఫొటో నిండా మెరూన్ సోఫానే ఉంటే, వెలుతురే ఎర్రగా ఉందనుకుని ఫోను ఎరుపును తగ్గించేయొచ్చు. పక్కన పచ్చ కర్టెను పడితే సర్దుబాటు ఇంకోలా ఉంటుంది. ఒకే సోఫాని రెండు మూలల నుంచి తీస్తే రెండు రంగుల్లో రావడానికి కారణం ఇదే.

ఫోను ఎంత సర్దిందో తెలియాలంటే, రంగు ముందే తెలిసిన వస్తువు ఒకటి ఫొటోలో ఉండాలి. ఫొటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డు అందుకే. తన మీద పడే వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపే బూడిదరంగు అట్ట అది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ సమానంగా తిప్పి పంపడం దాని గొప్ప. ఫొటోలో ఆ అట్ట పసుపుగానో నీలంగానో కనిపించిందంటే ఆ తేడా వెలుతురుదీ ఫోనుదీ తప్ప అట్టది కాదు. కార్డు బదులు తెల్ల కాగితం పెట్టకండి. ప్రింటరు కాగితాల్లో తెలుపు మెరవడానికి కలిపే రసాయనం పగటి వెలుతురులో నీలి ఛాయనిస్తుంది. దాని ప్రకారం సరిచేస్తే గుడ్డ పసుపు తిరుగుతుంది.

కూకట్‌పల్లిలో మా పిన్నివాళ్ల ఫ్లాటులో హాలు పడమటి వైపు ఉంది. అక్కడున్న మెరూన్ సోఫా మీద ఏళ్ల తరబడి సాయంత్రపు ఎండ పడింది. వీపు ఆనే భాగమూ ఎడమ చెయ్యీ బాగా వెలిశాయి. సీటు దిండ్ల కింద మాత్రం కొన్ననాటి రంగే ఉంది. "ఏ రంగుకి కలపాలిరా?" అని పిన్ని అడిగింది. కొత్త కుషన్లు వెలిసిన వీపుకే ఆనతాయి కాబట్టి దానికే కలపాలన్నాను. అంతకుముందు అక్కడ తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాం. నూనె జిడ్డు, దుమ్ము కూడా రంగును మార్చి చూపిస్తాయి.

ఉదయం పూట, ఎండ నేరుగా పడని సమయంలో, లైట్లన్నీ ఆర్పి, కిటికీ తెరిచి ఫొటో తీశాం. కార్డును గుడ్డకి ఆనించి, గుడ్డ ఎటు వాలి ఉందో అటే వాల్చాం. కార్డు ఒక వైపుకీ గుడ్డ ఇంకో వైపుకీ తిరిగి ఉంటే రెండింటి మీదా పడే వెలుతురు వేరైపోతుంది, కొలత చెడుతుంది. ఫ్లాష్, ఫిల్టర్లు ఆపేశాం. మన నీడ పడకుండా చూసుకుని, కార్డు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు లాక్ చేశాం.

ఫొటోలో ఏ చోటి రంగునైనా అంకెల్లో చూపించే కలర్ పికర్ యాప్‌లు ఉన్నాయి. ఒక్కో రంగుకి 0 నుంచి 255 దాకా అంకె ఉంటుంది. కార్డు మీద పెడితే ఎరుపు 131, ఆకుపచ్చ 118, నీలం 98 వచ్చాయి. మూడూ సమానంగా ఉండాల్సినవి. అంటే ఈ ఫొటోలో ఎరుపు ఎక్కువగా, నీలం తక్కువగా పడింది. గోడల మీగడ రంగు వెలుతురులో కలిసినట్టుంది. మూడింటినీ 118కి తేవాలంటే ఎరుపును 0.9తోనూ, నీలాన్ని 1.2తోనూ గుణించాలి. వెలిసిన గుడ్డ మీద చూపినవి 142, 84, 70. సరిచేస్తే 128, 84, 84. ఫొటోలో ఇటుక రంగులా కనిపించినది నిజానికి మసకబారిన గులాబి మెరూన్ అన్నమాట. దిండు కింది గుడ్డ ఇదే లెక్కలో 101, 44, 48కి వచ్చింది. వెలవడమంటే రంగు లేతబడటం ఒక్కటే కాదు, దాని గాఢత కూడా తగ్గుతుంది. అందుకే పాత బిల్లులోని షేడు నంబరు పట్టుకుని వెళ్తే పని జరగదు.

అంకెలు వద్దనుకునేవాళ్లు స్నాప్‌సీడ్‌లో వైట్ బ్యాలెన్స్ తెరిచి, డ్రాపర్ గుర్తును కార్డు మీద పెడితే చాలు, ఫొటో రంగు సర్దుకుంటుంది.

చాలామంది ఇక్కడితో ఆగి, సరిచేసిన ఫొటోను దుకాణంలో గుడ్డ పక్కన పెట్టి చూస్తారు. ఫోను తెరకీ గుడ్డకీ పోలిక పెట్టడమే పొరపాటు. తెర తన వెలుగుతో మెరుస్తుంది, గుడ్డ దుకాణం లైటును తిప్పి పంపుతుంది. కార్డును వెంట తీసుకెళ్లి, నచ్చిన గుడ్డ మీద పెట్టి మళ్లీ ఫొటో తీసి, అదే లెక్క చెయ్యాలి. పిన్ని కంటికి ఫొటోతో కలిసిన ముక్క సరిచేశాక ముదురు నారింజ వైపు పోయింది. వంకాయ రంగులా ఉందని ఆమె పక్కన పెట్టేసిన ముక్కేమో 128, 84, 85కి వచ్చింది.

ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మాలో ఎవరికి వారే తేల్చుకోవచ్చు. ఒకే చోటును కొంచెం జరుగుతూ మూడు నాలుగు ఫొటోలు తీసి, అన్నింటినీ సరిచేసి చూడండి. వాటి మధ్య ఎంత తేడా వస్తుందో, అంతకన్నా చిన్న తేడాను మీ ఫోను పట్టుకోలేదు. వెల్వెట్ లాంటి నూగు గుడ్డల్లో చెయ్యి ఎటు రాస్తే అటు రంగు మారుతుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి పెద్దగా పనిచెయ్యదు.

అంకెలు కలిసినంత మాత్రాన మొత్తం కొనెయ్యకూడదు. పావు మీటరు కొని ఇంట్లో పెట్టి చూడాలి. రెండు గుడ్డలకి వేసిన రంగులు వేరైతే పగలు కలిసినవి రాత్రి పసుపు బల్బు కింద విడిపోవచ్చు. పిన్ని ముక్క పగలు వీపులో కలిసిపోయింది. రాత్రి హాల్లో బల్బు వేస్తే కాస్త గోధుమరంగు తిరిగింది. సరిగ్గా కలవని రంగు, దాదాపుగా కలిస్తే మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. చూసేవాళ్లకి అది ఎంచుకున్న రంగులా కాదు, పొరబడి తెచ్చిన రంగులా కనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక మెట్టు ముదురుకి దిగడమే మంచిదని నా అభిప్రాయం. ఆ ముదురు షేడు సోఫాలోనే ఉంది, సీటు దిండు కింద.

పిన్ని చివరికి ఆ దాగిన రంగుకే గుడ్డ తీసుకుంది. రాత్రి కొంచెం తేడా వచ్చినా అది తెలిసి పెట్టిన ముదురు రంగులాగే కనబడుతుంది. 54 అంగుళాల పన్నా గుడ్డయితే మీటరులో 16 అంగుళాల జిప్పు కవర్లు మూడు వస్తాయి. ఐదు కుషన్లకి రెండు మీటర్లు తీసుకుని, మొత్తం ఒకే తానులోంచి కోయించింది. ఒకే షేడు నంబరున్నా ఒక్కో వాయి అద్దకంలో రంగు కొద్దిగా మారుతుంది, రెండో తాను కలవకపోవచ్చు.