పద్దెనిమిది గళ్ల మనిషి

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక చెక్క పలక ఉంది. దానిమీద తెల్లని పూత పూసి, ఎర్రరంగుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి గళ్లు చేశారు. ఆ గళ్లలో సింహాసనం మీద కూర్చున్న ఒక రాజు బొమ్మ ఉంది. ఆయన క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఈజిప్టును ఏలిన మూడవ థట్‌మోస్. పక్కన అదే పలకమీద పిట్టపిల్ల ఆకారంలో ఉండే చిత్రలిపి అక్షరాన్నీ, చెయ్యి ఆకారంలో ఉండే అక్షరాన్నీ మళ్లీ మళ్లీ దిద్దారు. ఈజిప్టు బొమ్మలన్నీ మూడు వేల ఏళ్ల పాటు ఒకే కుటుంబంలో పుట్టినట్టు ఎందుకుంటాయో తెలుసుకోవడానికి ఈ పలకను మించిన ఆధారం నాకు కనబడదు. రాజును గీయడం, అక్షరం దిద్దడం అక్కడ ఒకే చేతికి ఒకేసారి అలవాటు చేసే విద్యలు.

ముందు ఆ గళ్ల లెక్క చూద్దాం. నిలబడ్డ మనిషిని గీయాలంటే అరికాలు నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు వరకూ 18 గళ్లు. నడినెత్తి దాకా ఎందుకు కొలవలేదన్న సందేహం రావచ్చు. రాజుకు కిరీటం ఉంటుంది, అధికారికి విగ్గు ఉంటుంది, వాటికింద నెత్తి ఎక్కడుందో కనబడదు. నుదుటి గీత మాత్రం అందరికీ కనబడుతుంది. కింద నుంచి లెక్కపెడితే 6వ గీత దగ్గర మోకాలు, 9వ గీత దగ్గర పిరుదుల కింది అంచు, 12వ గీత దగ్గర మోచెయ్యి, 16వ గీత దగ్గర మెడ భుజాలతో కలిసే చోటు వస్తాయి. మగవాళ్ల భుజాల వెడల్పు సుమారు ఆరు గళ్లు. ఆడవాళ్లకు అంతకంటే తక్కువ, నడుము వంపు కూడా కాస్త పైకి ఉంటుంది. ఒక్కో గడి దాదాపు ఆ బొమ్మ పిడికిలి వెడల్పంత ఉంటుంది.

ఇందులో కొలబద్దతో కొలిచే కొలత ఎక్కడా లేదు. గోడమీద మనిషి నుదుటి దాకా 180 సెంటీమీటర్లు ఉండాలనుకుంటే గడి 10 సెంటీమీటర్లు, మోకాలు 60 దగ్గర, మోచెయ్యి 120 దగ్గర. అదే మనిషిని 36 సెంటీమీటర్లలో గీయాలంటే గడి 2 సెంటీమీటర్లు, మోకాలు 12 దగ్గర. గడి పెద్దదైనా చిన్నదైనా లెక్క మారదు. అందుకే గోడంత ఫారో, అతని మోకాలంత ఎత్తున్న భార్య ఒకే దృశ్యంలో ఉన్నా ఇద్దరి ఒళ్లూ ఒకే పొందికతో కనబడతాయి.

మన ఊళ్లలో సినిమా కటౌట్లు గీసిన చిత్రకారులు ఫొటోమీద గళ్లు కొట్టి, ఆ గళ్లను పెద్దవి చేసి బొమ్మను ఎక్కించేవారు. ఈజిప్టు గళ్లను కూడా చాలామంది అలాంటివే అనుకుంటారు. తేడా పెద్దది. కటౌట్ గళ్లకు శరీరం గురించి ఏమీ తెలియదు, ఏ గీత ఎక్కడ పడినా ఫరవాలేదు. ఈజిప్టు గళ్లలో మాత్రం మోకాలు ఎప్పుడూ ఆరో గీత దగ్గరే పడాలి. చూసి రాసుకోవడానికి నమూనా చిత్రం లేకపోయినా పని సాగుతుంది, ఎందుకంటే నమూనా గీతల్లోనే ఉంది.

కూర్చున్న బొమ్మ దగ్గర ఈ పద్ధతి అందం ఇంకా బాగా తెలుస్తుంది. పిరుదుల నుంచి నుదుటి దాకా నిలబడ్డ మనిషికి తొమ్మిది గళ్లు కదా. కూర్చున్నా ఆ తొమ్మిదీ అలాగే ఉంటాయి. ఆసనం ఐదు గళ్ల ఎత్తు. రెండూ కలిపితే 14. మూడవ థట్‌మోస్‌లా ఆసీనులైన వాళ్లకు వాడిన లెక్క ఇదే.

ఈ గళ్లు ఒక్కరోజులో పుట్టినవి కావు. పిరమిడ్ల కాలపు సమాధుల్లో గళ్లకు బదులు మధ్యలో ఒక నిలువు గీత, దాన్ని కోస్తూ కొన్ని అడ్డగీతలు మాత్రమే కనబడతాయి. మోకాలు ఎత్తులో మూడోవంతు దగ్గర, పిరుదులు సగం దగ్గర, మోచెయ్యి మూడింట రెండొంతుల దగ్గర. 18ని 3తోనూ 2తోనూ భాగిస్తే వచ్చేవి ఈ స్థానాలే. అంటే పాత గీతల మధ్య ఖాళీలను నింపినప్పుడు పద్దెనిమిది గళ్లు వచ్చాయని చెప్పుకోవచ్చు. పూర్తి గళ్లు క్రీ.పూ. 2000 తర్వాతి మధ్య రాజ్యకాలం నుంచి బాగా కనబడతాయి.

అయితే బొమ్మల విచిత్రమైన భంగిమకు గళ్లు కారణం కావు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే గందరగోళం వస్తుంది. గళ్లు ఎత్తులను మాత్రమే పట్టుకుంటాయి. ఆకారం వేరే నియమం నుంచి వస్తుంది. ఒక్కో అంగాన్ని అది బాగా గుర్తుపట్టగలిగే వైపు నుంచి చూపాలన్నది ఆ నియమం. ముఖం పక్కనుంచి, అందులో కన్ను ఎదురుగా, భుజాలు ఎదురుగా, చనుమొన మళ్లీ పక్కనుంచి, కాళ్లు పక్కనుంచి. పాదాల్ని చూడండి. రెండు పాదాలకీ బొటనవేలూ, లోపలివైపు వంపూ కనబడతాయి. నిజంగా అలా నిలబడాలంటే మనిషికి రెండూ ఒకే కాలి పాదాలై ఉండాలి. దూరపు పాదాన్నీ దగ్గరి పాదాన్నీ వేరుగా చూపడం కొత్త రాజ్యకాలంలోనే కొన్నిచోట్ల మొదలైంది. చేతుల్లోనూ ఇలాగే రెండూ ఎడమ చేతులైపోయిన బొమ్మలున్నాయి. కళాకారుడికి చూడడం రాక ఇలా చేయలేదు. ఒక్క క్షణంలో ఒక్క చోటు నుంచి కనబడే మనిషిని కాకుండా, ఏ అంగమూ మరుగున పడని మనిషిని ఇవ్వాలనుకున్నాడు. సమాధి గోడమీద ఆ బొమ్మ చనిపోయినవాడికి శాశ్వతమైన ఒళ్లు, కాబట్టి అందులో లోటు ఉండకూడదు.

పని జరిగే తీరు అసంపూర్తి గోడలమీద కనబడుతుంది. ఎర్రరంగులో ముంచిన దారాన్ని గోడమీద బిగించి లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గళ్లలో ఎర్రరంగుతో చిత్తు బొమ్మ గీస్తారు, చెయ్యి తిరిగినవాడు నల్లరంగుతో దిద్దుతాడు, తర్వాత చెక్కేవాడు వస్తాడు. రాజుల లోయలో 1908లో బయటపడిన హోరెమ్‌హెబ్ సమాధిలో ఎర్రగీత, దానిమీద నల్ల దిద్దుబాటు, సగం చెక్కిన భాగం అన్నీ ఆగిపోయిన చోటే ఉన్నాయి. చెక్కడం, రంగులు పూర్తయితే గళ్లు మాయమైపోతాయి. మనకు దొరికిన గళ్లన్నీ పని మధ్యలో ఆగినవీ, రంగు రాలిపోయినవీ మాత్రమే. అవి కూడా ఎక్కువగా ముఖ్యమైన బొమ్మలకే. పొలం దున్నేవాళ్లనూ చేపలు పట్టేవాళ్లనూ చాలాచోట్ల గళ్లు లేకుండా చేత్తోనే గీశారు.

అందుకే గళ్లను శాసనం అనుకోకూడదు. అది చేతికి ఆసరా. క్రీ.పూ. 14వ శతాబ్దంలో అఖెనాటన్ కొత్త రూపం కోరినప్పుడు లెక్క 20 గళ్లకు మారిందని పరిశోధకురాలు గే రాబిన్స్ చూపించారు. మెడ, ముఖం, మొండెం సాగాయి, వాటిముందు కాళ్లు పొట్టిగా కనబడ్డాయి. ఆయన తర్వాత మళ్లీ 18. క్రీ.పూ. 7వ శతాబ్దానికల్లా మరో లెక్క స్థిరపడింది. కనురెప్ప పైఅంచు వరకూ 21 గళ్లు. మనిషి పొడవు పెరిగాడనుకుంటాం కానీ గడి చిన్నదైంది. కొత్త ఆరు గళ్లు పాత ఐదింటితో సమానం. శరీరం దాదాపు అదే.

ఫొటోమీద స్కేలు పెట్టి మీరే పరీక్షించవచ్చు. కిరీటాన్ని వదిలేసి, నుదుటి గీత నుంచి అరికాలి వరకూ కొలిచి 18తో భాగించండి. మూడోవంతు దగ్గర మోకాలు రాకపోతే మీరు చూస్తున్నది అఖెనాటన్ కాలపు బొమ్మో, చివరి రాజ్యాలదో, లేక కాళ్లను కాస్త సాగదీసిన రామెసెస్ రాజుల కాలపుదో కావచ్చు.

ఈ 21 గళ్ల లెక్క కబురు గ్రీకులకూ చేరింది. క్రీ.పూ. 1వ శతాబ్దపు రచయిత డయోడోరస్ ఒక కథ చెప్పాడు. టెలెక్లిస్, థియోడోరస్ అనే అన్నదమ్ములు ఒకే అపోలో విగ్రహాన్ని సగం సగం చెక్కారట, ఒకరు సామోస్‌లో, ఒకరు ఎఫెసస్‌లో. రెండూ కలిపితే అతుకు తెలియకుండా కుదిరాయట. ఇది ఈజిప్టు పద్ధతి, వాళ్లు శరీరాన్ని ఇరవై ఒకటింపావు భాగాలు చేస్తారు అన్నాడాయన. విగ్రహం అలా జరిగిందని నమ్మాల్సిన అవసరం లేదు. కానీ ఆ ఇరవై ఒకటింపావు మాత్రం ఊహ నుంచి వచ్చిన సంఖ్య కాదు, చివరి కాలపు ఈజిప్టు పనివాళ్లు తమ రాతిదిమ్మెల మీద గీసుకున్న గళ్లకు అది బాగా దగ్గరగా ఉంది.