పోయినవాటిని పైకొచ్చినప్పుడే తీసేద్దాం

ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ ఒకటి వరసగా 31, 32, 30, 95, 33 అని చూపించిందనుకుందాం. ఆ 95 నిజమైన వేడి కాదు, తీగలో ఏదో తేడా. ఈ అయిదింటి సగటు తీస్తే 44.2 వస్తుంది, అంత వేడి ఏ క్షణంలోనూ లేదు. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడిమి అంకె తీసుకుంటే 32 వస్తుంది. బడిలో మధ్యగతం అని చెప్పుకున్నది ఇదే. ఒక్క పిచ్చి అంకె దాన్ని కదిలించలేదు.

కానీ సెన్సార్ ఆగదు. కొత్త అంకె వచ్చిన ప్రతిసారీ పాతది ఒకటి వెళ్లిపోవాలి, మిగిలిన అయిదింటికి మళ్లీ మధ్యగతం చెప్పాలి. ఈ కదిలే గుంపునే విండో అంటారు. అయిదైతే ప్రతిసారీ పేర్చుకోవచ్చు. విండోలో వేల అంకెలుండి, లక్షల రీడింగులు వస్తుంటే అది కుదిరే పని కాదు.

అందుకని అంకెల్ని రెండు హీపుల్లో పెడతారు. 1964లో జె.డబ్ల్యు.జె. విలియమ్స్ హీప్‌సార్ట్ కోసం ప్రవేశపెట్టిన అమరిక ఇది. హీప్ అంకెలన్నిటినీ వరసలో పెట్టదు. అన్నిటికన్నా పెద్దది గానీ, చిన్నది గానీ, ఒక్కదాన్ని మాత్రం పైన ఉంచుతుంది. చిన్న సగం ఎడమ హీపులో, అందులో పెద్దది పైన. పెద్ద సగం కుడి హీపులో, అందులో చిన్నది పైన. ఎడమలో ఒకటి ఎక్కువ ఉండేలా చూస్తే దాని పై అంకే మధ్యగతం. విండోలో సరిసంఖ్య ఉంటే రెండు హీపుల్నీ సమంగా ఉంచి, పై అంకెల సగటు తీసుకుంటారు. వెయ్యి అంకెల హీపులో కొత్తది చేర్చాలన్నా, పైది తీయాలన్నా పది మెట్లకు మించి కదలనక్కర్లేదు.

చిక్కంతా వెళ్లిపోయే అంకెతోనే. అది హీపులో ఎక్కడో లోపల ఉంటుంది. దాన్ని వెతకాలంటే హీపంతా గాలించాలి. దీనికి ఉపాయం, వెతకకపోవడమే. ప్రతి అంకె పక్కనా అది ఎన్నో రీడింగో రాసుకుంటారు. విండో దాటిపోయినదాన్ని ఉన్నచోటే వదిలేసి, అది ఉన్న హీపు లెక్కలో మాత్రం ఒకటి తగ్గిస్తారు. ఏ హీపులో ఉందో తెలియాలంటే ఎడమ హీపు పై అంకెతో, అంకెలు సమానమైతే క్రమసంఖ్యతోనూ పోలిస్తే చాలు. అది ఎప్పుడైనా పైకి వస్తే అప్పుడు తీసేస్తారు. అడుగున ఉన్నంతకాలం జవాబును చెడగొట్టదు.

మన అంకెలతోనే చూద్దాం. ఎడమలో 30, 31, 32, కుడిలో 33, 95 ఉన్నాయి. ఇప్పుడు 29 వచ్చింది, 31 వెళ్లాలి. 29 ఎడమలో చేరుతుంది. 31 అక్కడే ఉంటుంది గానీ లెక్కలో లేదు. ఎడమ లెక్క మూడు, కుడి లెక్క రెండు. పైన 32 ఉంది, జవాబు సరైనదే.

తర్వాత 28 వచ్చింది, 32 వెళ్లాలి. 32 పైనే ఉంది కనుక వెంటనే తీసేస్తాం. దాని కింద నుంచి 31 పైకి వస్తుంది. అది పోయిన రౌండులోనే వెళ్లిపోయింది కదా! దాన్నీ తీసేస్తే 30 పైకొస్తుంది. విండోలో ఉన్నవి 30, 95, 33, 29, 28. మధ్యగతం 30, సరిపోయింది. ఒకటి తీసేసి ఆగి ఉంటే, విండోలోనే లేని 31 జవాబుగా వచ్చేది. అందుకే ఇక్కడ `if` చాలదు, `while` కావాలి:

```python
while low and -low[0][1] <= i - k:
    heapq.heappop(low)
```

ఇందులో `low` ఎడమ హీపు, `i` తాజా రీడింగు క్రమసంఖ్య, `k` విండో పొడవు. పైథాన్ `heapq`లో చిన్నదే పైన ఉంటుంది కనుక, పెద్దది పైకి రావడానికి అంకెనూ దాని క్రమసంఖ్యనూ ఋణాత్మకంగా మార్చి దాచుకున్నాం.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇంకోచోట. రెండు వైపులా సమతూకం చూసేటప్పుడు `len(low)` వాడతారు. 29 వచ్చినప్పటి స్థితిలో ఎడమ హీపులో వస్తువులు నాలుగు, బతికున్నవి మూడే. నాలుగని నమ్మితే 32ను కుడికి తోసేస్తాం, ఎడమ పైన చచ్చిన 31 మిగులుతుంది. కాబట్టి బతికున్నవాటి లెక్కను విడిగా ఉంచుకోవాలి. ఒక అంకెను ఇటు నుంచి అటు మార్చే ముందూ, మార్చాకా పైభాగం శుభ్రం చేయాలి. తప్పుందేమో తెలియాలంటే, ఒకే అంకె పదేపదే వచ్చే చిన్న చిన్న వరసలు యాదృచ్ఛికంగా తయారుచేసి, ప్రతి విండోనూ మామూలుగా పేర్చి తీసిన జవాబుతో పోల్చాలి.

ఈ పద్ధతి జ్ఞాపకశక్తిని ఎక్కువ తినేసే సందర్భం ఒకటుంది. అంకెలు పెరుగుతూనే పోతే, వెళ్లిపోయేది ఎప్పుడూ అన్నిటికన్నా చిన్నదే. అది ఎడమ హీపు అడుగునే ఉండిపోతుంది, పైకి రానే రాదు. వెయ్యి అంకెల విండోతో లక్ష రీడింగులు దాటేసరికి, ఎడమ హీపులో దాదాపు 99,500 అంకెలు పేరుకుంటాయి. బతికున్నవి 500 మాత్రమే. జవాబులు సరిగ్గానే వస్తాయి గనుక ఇది బయటపడదు, మెమరీ పెరుగుతుండటం చూస్తేనే తెలుస్తుంది. చచ్చినవి బతికున్నవాటిని మించినప్పుడల్లా, బతికున్నవాటితోనే హీపును తిరిగి కట్టుకుంటే సరి. అలా కట్టే ఖర్చు మధ్యలో జరిగిన చేర్పులన్నిటి మీదా పంచుకుంటే ఒక్కోదానికి పడే భారం స్వల్పమే.