మూడో చుట్టులో పన్నెండు ముక్కలు

మా క్లబ్ రమ్మీ టోర్నమెంటులో నాలుగో డీల్, మూడో చుట్టు నడుస్తోంది. మూడో బల్ల దగ్గర్నుంచి “సెక్రటరీ గారూ, ఒక్కసారి ఇటు రండి” అని పిలిచారు. వెళ్లి చూస్తే రిటైరైన మాష్టారు ఒకాయన తన ముక్కలు బోర్లా పెట్టి కూర్చున్నారు. లెక్కపెడితే పన్నెండే ఉన్నాయి.

“పంచేటప్పుడే తక్కువ పడ్డాయండీ. మళ్లీ పంచించండి” అన్నారాయన. ఎదురుగా కూర్చున్నాయన చేతిలో ఆట దాదాపు తయారైనట్టుంది, ముక్కలు గుండెకు హత్తుకుని “అదెలా కుదురుతుంది మాష్టారూ!” అన్నారు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ బల్ల దగ్గర నేనేం చెప్పానో, ఎందుకు చెప్పానో వివరించాలంటే ఆ రోజు పొద్దున్నుంచీ మొదలుపెట్టాలి.

ముందుగా ఒక మాట. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ మీద పెట్టిన కేసులో వచ్చిన తీర్పు అది. అలాగని డబ్బు పెట్టి ఆడుకోవచ్చని అనుకోకూడదు. తెలంగాణలో 2017 సవరణ తర్వాత పందెం కాసి రమ్మీ ఆడటం నేరం. మా టోర్నమెంటుకు ప్రవేశ రుసుం లేదు, బల్ల మీద రూపాయి ఉండదు. ప్యాకెట్లూ టిఫినూ క్లబ్బువి, గెలిచినవాళ్లకు కప్పు. మీరు ఎక్కడ పెట్టినా ఇలాగే పెట్టండి.

ఆ రోజు పేరు రాయించుకున్నవాళ్లు 47 మంది, వచ్చినవాళ్లు 44 మంది. పేర్లను బట్టి ముందురోజు రాత్రే బల్లలు వేసి ఉంటే చిక్కుల్లో పడేవాళ్లం. రాని ముగ్గురూ ఒకే బల్లకు పడితే అక్కడ ముగ్గురే మిగులుతారు, పక్క బల్లలో ఆరుగురుంటారు. అందుకే హాజరు మూసేశాకే డ్రా తీస్తాం. 44 మందికి ఎనిమిది బల్లలు సరిపోయాయి. నాలుగింట్లో ఆరుగురేసి, మిగతా నాలుగింట్లో ఐదుగురేసి. ఒక్కో బల్లనుంచి మొదటి ఇద్దరు పైకి వస్తే పదహారు మంది అవుతారు. వాళ్లను ఆరు, ఐదు, ఐదుగా మూడు బల్లలకు వేసి, మళ్లీ ఇద్దరేసిని తీసుకుంటే ఫైనల్‌కు ఆరుగురు. ఐదుగురున్న బల్లలో పడ్డవాళ్లకు కొంచెం తేలిక అన్నది నిజమే. అది పోగొట్టే మార్గం నాకు దొరకలేదు. కనీసం ఎవరు ఏ బల్లకు పడ్డారన్నది అందరి కళ్ల ముందూ తేలాలి.

డ్రాకు పేకముక్కలే వాడతాం. రెండు ప్యాకెట్లలోంచి ఆసు నుంచి ఎనిమిది దాకా తీసుకుంటాం. ఆరుగురుండే బల్లలకు ఆ అంకె ముక్కలు ఆరు, ఐదుగురుండే బల్లలకు ఐదు చొప్పున ఉంచి కలిపేస్తాం. ఒక్కొక్కరూ వచ్చి ఒక ముక్క తీసి అందరికీ చూపించాలి. అయిదు వస్తే అయిదో బల్ల. అన్నదమ్ములో, మామా అల్లుళ్లో, రోజూ ఒకే కారులో వచ్చే స్నేహితులో ఒకే బల్లకు పడితే రెండోసారి తీసినవారు ఆ ముక్క కలిపేసి మరొకటి తీస్తారు. ఈ జంటల పేర్లు డ్రాకు ముందే బోర్డు మీద రాసి ఉంచాలి. డ్రా తర్వాత గుర్తుచేస్తే ఎవరినో కాపాడటానికే చేశారనుకుంటారు.

రమ్మీలో బల్ల ఎంత ముఖ్యమో కుర్చీ కూడా అంతే. మీ ముందు ఆడేవారు పారేసిన ముక్కే మీరు ఎత్తుకోగలిగేది. ఆయన చెయ్యి బిగించి ఆడే మనిషైతే మీకు పనికొచ్చే ముక్క ఒక్కటీ రాదు, తోచింది పారేసే మనిషైతే మీ పంట పండినట్టే. అందుకే బల్ల దగ్గరికి వెళ్లాక కుర్చీలకు మరో డ్రా ఉంటుంది. ఇస్పేటు ఆసు తీసినవారు మొదట పంచుతారు, రెండు తీసినవారు ఆ తర్వాతి కుర్చీలో కూర్చుంటారు, అలా వరసగా. ఎంతమంది ఉంటే అన్ని డీల్స్, ప్రతివారూ ఒక్కసారి పంచుతారు. కాబట్టి మొదట ఆడే అవకాశం కూడా అందరికీ ఒక్కసారి తిరిగి వస్తుంది. పై రౌండులో కుర్చీలకు డ్రా మళ్లీ తీయాల్సిందే.

ఇక మాష్టారి దగ్గరికి వద్దాం. పంపకంలో తప్పు దొర్లినప్పుడు ఎవరైనా ముందు అడిగేది “తప్పెవరిది?” అని. నేను చాలాకాలం అలాగే అడిగేవాణ్ని. కొన్నేళ్ల క్రితం ఒక టోర్నమెంటులో పద్నాలుగు ముక్కలున్నాయని ఒకాయన రెండో చుట్టులో చెప్పారు. పంచినవాళ్ల తప్పే కదా అని మళ్లీ పంచించాను. ఆయన పక్కన పెట్టిన చెయ్యి చూస్తే రాజులూ రాణులూ తప్ప ఒక్క సీక్వెన్స్ కూడా లేదు. ఆయన కావాలని చేశారని నేననను. కానీ నా తీర్పు మిగతావాళ్లకు ఒక దారి చూపించింది. పద్నాలుగో ముక్క ఉన్నట్టు గమనించినా నోరు మెదపకుండా ఒకటి రెండు ఎత్తులు ఆడి చూడొచ్చు. చెయ్యి కుదిరితే ఒక ముక్క ఎలాగోలా వదిలించుకోవచ్చు, కుదరకపోతే “పంపకం తప్పు” అని చెయ్యెత్తొచ్చు.

అప్పటినుంచి మా నియమం తప్పెవరిదన్నది పక్కనపెట్టి ఆట ఎంతవరకు వచ్చిందో చూస్తుంది. మొదటి ఆటగాడు ముక్క ఎత్తేలోపు పంపకంలో ఏ తేడా కనిపించినా, ఒకరికి తక్కువ పడినా, పంచుతుంటే ముక్క తిరగబడినా, చేతులన్నీ కలిపేసి అదే మనిషి మళ్లీ పంచుతారు. ఎవరికీ కౌంట్ పడదు. ఆట మొదలయ్యాక మాత్రం ఎవరి ముక్కల లెక్కకు వాళ్లే బాధ్యులు. తేడా ఉన్న చెయ్యి చచ్చిన చెయ్యి, మిగతావాళ్లు ఆట సాగిస్తారు. తన మొదటి ఎత్తుకు ముందు చెబితే 20, ఆ తర్వాత చెబితే 40.

ఈ అంకెలు ఊరికే పెట్టినవి కావు. మా దగ్గర మొదటే డ్రాప్ చేస్తే 20, మధ్యలో డ్రాప్ చేస్తే 40, ఫుల్ కౌంట్ 80. చెయ్యి బాగాలేనివారు తేడా ఉందని చెప్పినా, మామూలుగా డ్రాప్ చేసినా పడేది అంతే. దాచిపెట్టి ఆలస్యంగా చెప్పడంలో లాభం ఉండదు. సున్నా వేస్తే తప్పించుకునే దారి అవుతుంది. పంచినవారి పొరపాటుకు 80 వేస్తే అన్యాయం. దాచిపెట్టి షో దాకా వెళ్లి దొరికితే మాత్రం అది తప్పుడు షో, 80 పడాల్సిందే.

డీల్ మొత్తం మధ్యలో రద్దు చేయడానికి మేం ఒప్పుకునే కారణం ఒక్కటే, ప్యాకెట్లలోనే లోపం ఉండటం. ఆఠీను ఏడు మూడోది బయటపడినా, వెనకవైపు రంగు వేరే ఉన్న ముక్క కనిపించినా ఎంతవరకు వచ్చినా ఆ డీల్ పోయినట్టే. అంతకుముందు ముగిసిన డీల్స్ నిలుస్తాయి.

మాష్టారి బల్ల దగ్గర నేను చేసిన మొదటి పని అందరి ముక్కలూ బోర్లా పెట్టించి, మాటలు ఆపించడం. ఎవరి చెయ్యీ చూడలేదు. నేను చూస్తే నా తీర్పు ఆ చేతిని బట్టి వచ్చిందంటారు, నాకూ ఆ అనుమానం వదలదు. తర్వాత లెక్క. రెండు ప్యాకెట్లు, ఒక్కోదానికి ఒక జోకర్, మొత్తం 106. ఐదుగురి దగ్గర పదమూడేసి, 65. మాష్టారివి 12. అంటే 77. మధ్యలో కట్టా, పారేసిన ముక్కలూ, కోసిన జోకరూ కలిపి 29 ఉండాలి. ఉన్నాయి. కింద పడిపోయిన ముక్క లేదు, పద్నాలుగు ఉన్న చెయ్యి లేదు, ప్యాకెట్లు సరిగ్గానే ఉన్నాయి.

అయితే పంచేటప్పుడు ఆయనకు ఒకటి తక్కువ పడిందా, లేక మధ్యలో ఒకసారి ముక్క ఎత్తకుండానే పారేశారా? రెండిట్లో ఏది జరిగినా మధ్యలో తేలేది 29 ముక్కలే. లెక్క ఆ సంగతి చెప్పదు. బల్ల దగ్గర జ్ఞాపకాలు అడిగితే ఆరుగురూ ఆరు రకాలుగా చెబుతారు. తప్పెవరిదో తేల్చాకే తీర్పు ఇవ్వాలన్న నియమం ఉంటే ఆ రోజు నేను తీర్పే ఇవ్వలేకపోయేవాణ్ని.

“మాష్టారూ, మీరు రెండు ఎత్తులు ఆడేశారు. నలభై వేస్తున్నాం. మిగతావాళ్లు ఆడండి” అన్నాను. ఆయన ఇంకొకసారి అడిగారు. అభ్యంతరం ఉంటే ఆ బల్లకు సంబంధం లేని ఇద్దరు కమిటీ సభ్యులు చూస్తారని, ఈలోపు ఆట ఆగదని చెప్పాను. వాళ్లూ నియమం చదివి అదే అన్నారు.

ఆరు డీల్స్ అయ్యేసరికి ఆ నలభై మళ్లీ ముందుకొచ్చింది. మొదటి స్థానం తేలిపోయింది. రెండో స్థానానికి మాష్టారూ, ఆయన ఎదుటి మనిషీ సమానం. మాష్టారి కౌంట్లు వరసగా 20, 18, 0, 40, 38, 20. మొత్తం 136. ఎదుటాయనవి 0, 20, 34, 0, 62, 20. అవీ 136.

సమానమైతే ముందు షోలు ఎన్నో చూస్తాం. ఎదుటాయనవి రెండు, మాష్టారిది ఒకటి. ఈ నియమం మీద మా క్లబ్బులో ఇప్పటికీ వాదన ఉంది. మొత్తం సమానమైనప్పుడు షోలు ఎక్కువున్నవారికి మిగతా డీల్స్‌లో దెబ్బలు కూడా పెద్దవే తగిలి ఉంటాయి, నిలకడగా ఆడినవారికే ఇవ్వాలి కదా అంటారు కొందరు. నాకు మాత్రం రమ్మీ అంటే షో చేయడానికి ఆడే ఆట. చివరి డీల్‌లో తక్కువ కౌంట్ వచ్చినవారికి ఇచ్చే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. ఆశ పోయినవారు చివరి డీల్‌లో పక్కవారికి కావాల్సిన ముక్కలు అందించే ప్రమాదం అక్కడే ఎక్కువ, ఆ డీల్‌కే అదనపు బరువు పెట్టడం మంచిది కాదు. షోలూ సమానమైతే ఇద్దరి మధ్య ఒక డీల్ ఆడిస్తాం. అందులో డ్రాప్ లేదు, కాబట్టి ఎవరో ఒకరు షో చేసి తీరాలి. కోత కోసి పెద్ద ముక్కకు ఇవ్వాల్సిన అవసరం మాకు ఎప్పుడూ రాలేదు.

ఏ నియమం ఎంచుకున్నా అది డ్రాకు ముందే గోడ మీద ఉండాలి, ప్రతి డీల్ తర్వాత కౌంట్లు బోర్డు మీద పడాలి. చివరి డీల్‌లో డ్రాప్ చేయాలా, షో కోసం తెగించాలా అన్నది ఆటగాడు ఆ బోర్డు చూసే తేల్చుకుంటాడు. ఆ రోజు చివరి డీల్‌లో మాష్టారు డ్రాప్ చేశారు. తెగించి షో చేసి ఉంటే పైకి వచ్చేవారు. ఆ సంగతి ఆయనకు ముందే తెలుసు, అందుకే ఆ ఫలితం మీద ఆయన మాట్లాడలేదు.

నలభై గురించి మాత్రం సాయంత్రం టీ దగ్గర మాట్లాడారు. “నేను లెక్కపెట్టుకోలేదు, ఒప్పుకుంటాను. కానీ లెక్కపెట్టుకోమని ఎవరు చెప్పారండీ?” అన్నారు. నియమం గోడ మీద ఉంది, బల్ల దగ్గర ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా దగ్గర పంచడం అయ్యాక ఎవరూ ముక్కలు ఎత్తరు. పంచినవారు “లెక్క చూసుకోండి” అంటారు. అందరూ బోర్లా ఉన్న ముక్కల్నే వేలితో జరుపుతూ పదమూడు లెక్కపెట్టి, ఒక్కొక్కరే “సరి” అంటారు. ఆరో “సరి” వినిపించాకే కోత, జోకరు, మొదటి ఎత్తు.