వంజంగి సూర్యోదయానికి ఒక ప్రాంప్ట్

విశాఖపట్నంలోని ఓ చిన్న ట్రావెల్స్ సంస్థ చలికాలపు టూర్ కోసం పోస్టర్ వేయించాలనుకుంది అనుకుందాం. కొండమీద సూర్యోదయం, కింద లోయ నిండా పొగమంచు, అంచున ఒంటరిగా నిలబడిన యాత్రికుడు. ఏఐకి ‘హిల్ స్టేషన్, అందమైన సూర్యోదయం, పొగమంచు, ఒంటరి ప్రయాణికుడు’ అని రాసిస్తే బొమ్మ క్షణాల్లో వస్తుంది. కాకపోతే అందులో దేవదారు చెట్లు, వెనక మంచు శిఖరాలు, కోటు వేసుకున్న విదేశీయుడు కనిపించే అవకాశమే ఎక్కువ.

దీనికి కారణముంది. ఏఐ తాను నేర్చుకున్న లక్షలాది బొమ్మల్లో ఆ మాటలతో ఎక్కువగా ముడిపడిన దృశ్యాన్నే ముందుకు తెస్తుంది. మంచుకొండ అంచున వెనక్కి తిరిగి నిలబడిన మనిషి అనగానే, జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిఖ్ 1818 ప్రాంతంలో వేసిన ప్రసిద్ధ చిత్రం, దాన్ని అనుసరించిన వేలాది ఫొటోలు గుర్తొస్తాయి. వాటిలో మనిషి నడిమధ్యన పెద్దగా ఉంటాడు. పోస్టర్‌లో అతను అలా ఉంటే టూర్ పేరు రాయడానికి చోటు మిగలదు.

అందుకే ‘అందమైన’, ‘అద్భుతమైన’ లాంటి విశేషణాలు తీసేసి, ఏది ఎక్కడుందో, వెలుగు ఎటునుంచి వస్తోందో రాయాలి. అలా రాయాలంటే ముందు ఆ దృశ్యం ఎలా ఏర్పడుతుందో తెలియాలి.

పాడేరు దగ్గరి వంజంగి కొండనే తీసుకుందాం. చలికాలంలో ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రుల్లో నేల వేడిని కోల్పోయి చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట లోయలోకి జారుతుంది, అందులోని తేమ పొగమంచుగా మారుతుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా ఉండటంతో మంచు పైకి లేవలేక లోయలోనే ఆగిపోతుంది. కొండమీద నిలబడినవారికి అది కాళ్ల కింద పరుచుకున్న పాల సముద్రంలా కనిపిస్తుంది. ఎండ ముదిరి నేల వేడెక్కాక విడిపోతుంది.

ఈ సంగతి తెలిస్తే ప్రాంప్ట్ ఇలా మారుతుంది: ‘నిలువు పోస్టర్. తూర్పు కనుమల్లో ఎండుగడ్డి పెరిగిన కొండకొన. కింద లోయలో మాత్రమే చదునుగా పరుచుకున్న తెల్లటి పొగమంచు. అందులోంచి గుండ్రటి పచ్చని కొండతలలు పైకి తేలి ఉన్నాయి. సూర్యుడు ఎదురుగా, దూరపు కొండల అంచుకు కాస్త పైన, చిన్నగా. కుడివైపు కింది మూలన శాలువా కప్పుకుని, భుజాన బ్యాగుతో, వెనక్కి తిరిగి నిలబడిన ఆంధ్ర యువతి. ఎత్తు బొమ్మలో ఎనిమిదో వంతు. ఆమె నీడ మనవైపు పడుతోంది. పై మూడో వంతు ఖాళీ ఆకాశం.’

ఇందులో నీడ గురించిన వాక్యం ముఖ్యం. సూర్యుడు ఎదురుగా ఉంటే మనిషి వీపు చీకటిగా, అంచులు మాత్రం బంగారు గీతలా ఉండాలి. ఏఐ చాలాసార్లు సూర్యుణ్ని ఎదురుగా పెట్టి, వీపుమీద కూడా ఎండ కొట్టిస్తుంది. బొమ్మ రాగానే ముందు చూడాల్సింది అదే. మంచు శిఖరాలను కమ్మేసి లోయ ఖాళీగా ఉన్నా తప్పే.

వద్దనుకున్నవాటిని ‘మంచు శిఖరాలు వద్దు’ అని వాక్యంలో రాస్తే, కొన్నిసార్లు ఆ మాట వల్లే అవి వచ్చి కూర్చుంటాయి. ఉండాల్సినవి చెప్పడమే మేలు. మిడ్‌జర్నీ వాడేవారు మాత్రం ప్రాంప్ట్ చివర ఇలా చేర్చవచ్చు:

```
--ar 2:3 --no snow, pine trees, text
```

మొదటిది వెడల్పు, ఎత్తుల నిష్పత్తి. రెండోది వద్దన్నవాటి జాబితా. అక్షరాలను కూడా వద్దనడానికి కారణం తెలుగు ఒత్తులు, గుణింతాలు. బొమ్మలో భాగంగా గీయిస్తే అవి తరచూ చెడిపోతాయి. ఖాళీగా వదిలిన ఆకాశంలో టూర్ పేరును డీటీపీలో విడిగా పెట్టుకోవాలి.

ఇక ప్రింటింగ్. 1024 × 1536 పిక్సెళ్ల బొమ్మ ఫోన్‌లో బాగానే కనిపిస్తుంది. ఏ3 కాగితానికి అంగుళానికి 300 చుక్కల లెక్కన 3508 × 4961 పిక్సెళ్లు కావాలి. అంటే మూడున్నర రెట్లు పెంచాలి. పొగమంచులో సూక్ష్మ వివరాలు ఉండవు కాబట్టి పెంచినా చెడదు. చేతివేళ్లు, బ్యాగు పట్టీలు, గడ్డిపరకలే చెదిరిపోతాయి. ప్రెస్‌కు పంపే ముందు ఆ మూలను పెద్దది చేసి చూడాలి.

చివరగా, ఈ బొమ్మ కింద ‘వంజంగి’ అని రాస్తే కొనేవారు దాన్ని ఆ చోటి ఫొటో అనుకుంటారు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జరిమానా పడవచ్చు. ఊరి పేరు వేస్తే అక్కడ తీసిన అసలు ఫొటో వాడాలి. ఏఐ బొమ్మే వాడాలనుకుంటే ‘ఊహాచిత్రం’ అని చదవగలిగే సైజులో రాసి, మంచు కనిపించడం ఆ రోజు వాతావరణాన్ని బట్టి ఉంటుందని కూడా పోస్టర్‌లోనే చెప్పాలి.