అదే అల్యూమినియం: ఒకచోట డయోడ్, పక్కనే ఉత్త తీగ

లోహపు మొనను కొన్ని సల్ఫైడ్ ఖనిజాలకు ఆనిస్తే కరెంటు ఒకవైపే బాగా పారుతుందని 1874లోనే ఫెర్డినాండ్ బ్రౌన్ కనిపెట్టాడు. ఎందుకో తేలడానికి 1938 దాకా ఆగాల్సి వచ్చింది. లోహం ఆనినచోట సెమీకండక్టర్‌లో ఎలక్ట్రాన్లు ఖాళీ అయిపోయి ఒక అడ్డుగోడ లేస్తుందని వాల్టర్ షాట్కీ వివరించాడు.

మరి చిప్‌లో ప్రతి ట్రాన్సిస్టర్‌కీ లోహపు తీగ తగిలించాలి కదా, తగిలించిన ప్రతిచోటా డయోడ్ రాదా? ఏమీ చేయకపోతే వస్తుంది. ఎన్-రకం సిలికాన్ మీద అల్యూమినియం వేస్తే దాదాపు 0.7 ఎలక్ట్రాన్ వోల్టుల గోడ లేస్తుంది. వేరే లోహంతో గోడ తగ్గించవచ్చని కాగితం మీద అనిపిస్తుంది గానీ, సిలికాన్ ఉపరితలం ఆ ఎత్తును అంత తేలిగ్గా దిగనివ్వదు. జాన్ బార్డీన్ 1947లో చెప్పింది ఇదే.

ఎత్తు తగ్గనప్పుడు మందం తగ్గిస్తారు. అసలు గమ్మత్తు ఇక్కడుంది. 50 లక్షల సిలికాన్ అణువులకు ఒక ఫాస్ఫరస్ అణువు కలిపితే గోడ మందం సుమారు 300 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ దాన్ని ఎక్కి దిగాల్సిందే. అదే 500కి ఒకటి చొప్పున దట్టిస్తే, అంటే డోపింగ్ 10,000 రెట్లు పెంచితే, మందం నూరోవంతుకు పడి 3 నానోమీటర్లవుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్ గోడ ఎక్కదు, అందులోంచే టన్నెలింగ్‌తో దూరిపోతుంది. అటు ఎంత సులువో ఇటూ అంతే. గోడ ఉంది, ఉన్నా లేనట్టే! దీన్నే ఓమిక్ కాంటాక్ట్ అంటారు.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? వోల్టేజీని అటూ ఇటూ మార్చి కరెంటు గ్రాఫు గీస్తే, సున్నా గుండా తిన్నని గీత రావాలి. వంకర తిరిగితే డోపింగ్ చాలలేదని అనుమానించాలి. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే ఇంకా గట్టిగా తేలుతుంది. గోడ ఎక్కి వచ్చే కరెంటు చలికి ఘోరంగా పడిపోతుంది, టన్నెలింగ్ కరెంటు పెద్దగా చలించదు.

గీత తిన్నగా వచ్చినా నిరోధం మిగులుతుంది, అది కాంటాక్ట్ వైశాల్యం తగ్గేకొద్దీ పెరుగుతుంది. చదరపు సెంటీమీటరుకు ఓమ్‌లో పది లక్షల వంతు నిరోధమిచ్చే కాంటాక్ట్ తీసుకుందాం. దాన్ని 100 మైక్రాన్ల చదరంగా వేస్తే 0.01 ఓమ్, ఒక్క మైక్రాన్ చదరంగా వేస్తే ఏకంగా 100 ఓమ్‌లు. చిప్‌లు చిన్నవయ్యేకొద్దీ ఇది పెద్ద తలనొప్పి.

అడ్డుగోడ కావాలనే ఉంచుకునే చోటూ ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జేమ్స్ బయార్డ్ 1964లో పేటెంటుకు పెట్టిన షాట్కీ ట్రాన్సిస్టర్‌లో, బేస్ మీది లోహాన్ని పక్కనున్న కలెక్టర్ సిలికాన్ మీదికీ సాగదీస్తారు. అక్కడ డోపింగ్ పలుచన కాబట్టి డయోడ్ పుడుతుంది. కలెక్టర్‌కు తీగ తగిలించే చోట మాత్రం దట్టంగా డోపింగ్ చేస్తారు, అక్కడ ఓమిక్. ఆ డయోడ్ బేస్‌లో ఎక్కువైన కరెంటును కలెక్టర్‌కు మళ్లిస్తుంది. ట్రాన్సిస్టర్ పూర్తిగా నిండిపోదు కనుక చప్పున ఆగుతుంది. ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో బ్రెడ్‌బోర్డు మీద గుచ్చే 74LS చిప్‌ల పేరులోని S ఈ షాట్కీదే.